కన్ఫర్మేషనా, పొడిగింపా? ప్రొబేషన్ రివ్యూ రాసేవాళ్ల ముందున్న ప్రశ్న

కొత్తగా చేరిన మనిషికి ఆరు నెలలు నిండబోతున్నాయనగా హెచ్‌ఆర్ విభాగం నుంచి మేనేజరుకు ఒక ఫారం వస్తుంది. చివర మూడు గళ్లుంటాయి. కన్ఫర్మ్ చేయవచ్చు, ప్రొబేషన్ పొడిగించాలి, ఉద్యోగంలోంచి తీసేయాలి. మూడో గడిలో టిక్కు పెట్టాల్సిన మనిషి సంగతి సాధారణంగా మూడో నెలకే అందరికీ తెలిసిపోతుంది. దాని గురించి పెద్ద చర్చ ఉండదు. చిక్కంతా మొదటి రెండింటి మధ్యే. మనిషి మంచివాడే, పని వస్తోంది, కానీ పూర్తి నమ్మకం కుదరలేదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది మేనేజర్ల చేయి రెండో గడి వైపే వెళ్తుంది. పొడిగిస్తే ఎవరికీ నష్టం లేదని, తాము ఏ నిర్ణయమూ తీసుకోనట్టే ఉంటుందని వాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పు. పొడిగింపు కూడా నిర్ణయమే, దానికీ సొంత కారణం ఉండాలి. చాలా ఏళ్లుగా ఈ ఫారాలు చదువుతూ, రాయిస్తూ, కొన్ని వెనక్కి పంపుతూ నేను చేరుకున్న అభిప్రాయం ఇది: ఇంకో రెండు మూడు నెలలు చూస్తే ఈ రోజు తెలియని ఏ సంగతి తెలుస్తుందో ఒక్క వాక్యంలో రాయగలిగితేనే పొడిగించాలి. ఆ వాక్యం రాయలేకపోతే పొడిగింపుకు ఆధారం లేదు. అప్పుడు కన్ఫర్మ్ చేయాలి, లేదా ధైర్యంగా మూడో గడి గురించి మాట్లాడాలి.

పొడిగింపు వల్ల ఎవరికీ నష్టం లేదన్నది కూడా నిజం కాదు. పీఎఫ్ చేరిన రోజు నుంచే వర్తిస్తుంది, గ్రాట్యుటీకి సర్వీసు లెక్క కూడా చేరిన తేదీ నుంచే మొదలవుతుంది. అక్కడ ప్రొబేషన్‌తో పనిలేదు. కానీ కంపెనీ సొంతంగా ఇచ్చేవి చాలావరకు కన్ఫర్మేషన్‌కు ముడిపడి ఉంటాయి. కొన్నిచోట్ల ఆర్జిత సెలవులు వాడుకునే హక్కు, కొన్నిచోట్ల ఏడాది ఇంక్రిమెంటుకు అర్హత, మరికొన్నిచోట్ల వేరియబుల్ పే అప్పుడే మొదలవుతాయి. నోటీసు కాలం కూడా మారుతుంది. ప్రొబేషన్‌లో పదిహేను రోజులో నెలో ఉండేది, కన్ఫర్మ్ అయ్యాక రెండు మూడు నెలలు అవుతుంది. ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే కన్ఫర్మేషన్ లెటర్ ఉందా అని అడిగే సందర్భాలున్నాయి. వీటన్నిటికీ మించి, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలన్న దిగులుంటుంది. తోటివాళ్లందరూ పర్మనెంట్ అయ్యారు, మనవాడికి కాలేదట అన్న మాట ఊళ్లో ఎంత త్వరగా పాకుతుందో మనకు తెలియనిది కాదు. మేనేజరు తన సంకోచాన్ని వాయిదా వేసుకుంటే, ఆ భారం మోసేది ఉద్యోగి.

ఏమీ రాయకపోతే ఏమవుతుంది?

రివ్యూ ఎలా రాయాలో చెప్పే ముందు, రాయకుండా గడువు దాటితే ఏమవుతుందో చూడాలి. తేదీ దాటింది, ఎవరూ ఏమీ అనలేదు, జీతం పడుతోంది. ఆ ఉద్యోగి ఇప్పుడు కన్ఫర్మ్ అయినట్టా, కానట్టా? సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. లేబర్ కోర్టు తీర్పుపై ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ నడిపిన వ్యాజ్యంలో 1960ల తొలినాళ్లలోనే కోర్టు ఒక సూత్రం చెప్పింది. ఆరు నెలల ప్రొబేషన్ ముగిసినంత మాత్రాన, ప్రత్యేకంగా ఏమీ రాసుకోకపోతే, ఉద్యోగి దానంతటదే పర్మనెంట్ అయిపోడు. కన్ఫర్మ్ చేసేదాకా, లేదా తీసేసేదాకా ప్రొబేషనర్‌గానే కొనసాగుతాడు. అయితే 1968లో పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో ఫలితం వేరుగా వచ్చింది. అక్కడి నిబంధనలు ప్రొబేషన్ మూడేళ్లు దాటకూడదని గరిష్ఠ పరిమితి పెట్టాయి. అది దాటాక కూడా పనిలో కొనసాగించారు కాబట్టి కన్ఫర్మ్ చేసినట్టే భావించాలని కోర్టు చెప్పింది. 2001లో మధ్యప్రదేశ్ హైకోర్టుకు సంబంధించిన మరో కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి, అంతా నిబంధనలో ఏం రాసి ఉందన్న దానిపైనే ఆధారపడుతుందని తేల్చింది. గరిష్ఠ పరిమితి ఉన్నా, కన్ఫర్మ్ కావడానికి పరీక్ష పాస్ కావడం లాంటి మరో షరతు కూడా ఉంటే, గడువు దాటినంత మాత్రాన కన్ఫర్మ్ అయినట్టు కాదని కూడా అదే తీర్పు చెప్పింది.

కాబట్టి రివ్యూ రాసే మనిషి మొదట తెరవాల్సింది మూల్యాంకన ఫారం కాదు, అపాయింట్‌మెంట్ లెటర్. అందులో మూడు సంగతులు చూడాలి. ప్రొబేషన్ ఏ తేదీన ముగుస్తుంది, కంపెనీకి పొడిగించే హక్కు ఉందా, ఉంటే గరిష్ఠంగా ఎంతకాలం. పొడిగించే హక్కు అసలు రాసుకోని లెటర్లు కూడా నేను చూశాను. అలాంటప్పుడు ఉద్యోగి సమ్మతి లేకుండా పొడిగించడం వివాదాన్ని పిలిచినట్టే. ఇక కార్మిక చట్టం కింద కార్మికుడి నిర్వచనంలోకి వచ్చే ఉద్యోగి అయితే 240 రోజుల లెక్క కూడా చూసుకోవాలి. ఏడాదిలో అన్ని రోజులు పనిచేస్తే నిరంతర సర్వీసు కిందికి వస్తాడు. వేతనంతో కూడిన ఆదివారాలూ సెలవులూ ఆ లెక్కలో కలుస్తాయని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నెలల ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగిస్తే ఎనిమిదో నెల చుట్టూ ఆ గీత దాటుతాం. దాటాక తీసేయాలంటే అడగాల్సిన ప్రశ్నలు పెరుగుతాయి.

పొడిగించాక తీసేయడం గురించి మన ప్రాంతం నుంచే ఒక తీర్పు ఉంది. మచిలీపట్నం ఎల్‌ఐసీ డివిజన్‌లో ప్రొబేషన్ మీద చేరిన ఒక ఉద్యోగికి ఏడాది గడువును మరో ఏడాది పొడిగించారు. లక్ష్యాలు అందుకోలేదని, పొడిగించిన గడువు ముగిసేలోపే తీసేశారు. 1994లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ నియామకం షరతులు, సంస్థ నిబంధనలు ప్రొబేషన్ సమయంలో తొలగించే హక్కును స్పష్టంగా ఇచ్చాయి కాబట్టి అది చట్టం అర్థంలో రిట్రెంచ్‌మెంట్ కాదని చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది యాజమాన్యం గెలవడం కాదు. నియామక పత్రంలో, నిబంధనల్లో ఉన్నదే గెలిచింది. పొడిగింపు లిఖితంగా ఉంది, పరిమితి లోపల ఉంది, గడువు దాటకముందే నిర్ణయం జరిగింది.

ప్రభుత్వం రాసుకున్న పద్ధతి

ప్రైవేటు మేనేజర్లు పెద్దగా చదవరు గానీ, ఈ విషయంలో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ రాసుకున్న సూచనలు బాగుంటాయి. పాత ఉత్తర్వులన్నీ కలిపి 2019 మార్చిలో ఒకచోట మళ్లీ జారీ చేశారు. ప్రొబేషన్ రిపోర్టుకు ఏడాది పనితీరు నివేదిక ఫారం వాడకూడదని, వేరే ఫారం ఉండాలని అందులో ఉంది. ఎందుకంటే రెండిటి పని వేరు. ఏడాది నివేదిక ఒకరిని మరొకరితో పోల్చి మెరుగులు దిద్దడానికి. ప్రొబేషన్ నివేదిక ఈ మనిషిని ఈ కొలువులో ఉంచాలా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి. లోపాలుంటే అసలు గడువు ముగియడానికి చాలా ముందే రాతపూర్వకంగా చెప్పాలి, సరిదిద్దుకునే వీలు ఇవ్వాలి. పొడిగిస్తే కారణాలు తెలపాలి. అసాధారణ కారణాలుంటే తప్ప ఏడాదికి మించి పొడిగించకూడదు, ఏ పరిస్థితిలోనూ మామూలు గడువుకు రెట్టింపు దాటకూడదు. వీలైతే ఒకరికంటే ఎక్కువమంది అధికారుల కింద పనిచేయించి అందరి నివేదికలూ తెప్పించుకోవాలి.

నియమం ఇంత బాగున్నా ఆచరణ ఎప్పుడూ అలా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరినవారికి రెండేళ్ల ప్రొబేషన్, నెలకు పదిహేను వేల జీతం. రెండేళ్లు నిండాక కూడా డిక్లరేషన్ రాకపోవడంతో 2022 జనవరిలో వాళ్లు రోడ్డెక్కారు. చివరికి కొత్త స్కేళ్లు ఆ ఏడాది జులై నుంచి వచ్చాయి. అన్ని నెలలు ఎవరి పనిలో ఏ లోపం ఉందో విడివిడిగా చెప్పే కాగితం లేకుండా లక్షమందికి పైగా ఒకేసారి ఆగిపోయారు. సమీక్ష వ్యక్తి గురించి మాట్లాడటం మానేస్తే పొడిగింపు ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఒక కేసు పూర్తిగా

ఇప్పుడు ఒక ఊహా సందర్భం తీసుకుందాం. హైదరాబాద్ శివారులో ఒక మందుల కంపెనీ. దాని క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఎమ్మెస్సీ చదివిన ఒకమ్మాయి అనలిస్టుగా జూన్ 1న చేరింది. ప్రొబేషన్ నవంబరు 30న ముగుస్తుంది. లెటర్‌లో ఒకసారి, గరిష్ఠంగా మూడు నెలలు పొడిగించే హక్కు ఉంది. నవంబరు 15న సూపర్‌వైజరు ఫారంలో రాసింది ఇది: "పనితీరు ఫర్వాలేదు. డాక్యుమెంటేషన్‌లో తప్పులు వస్తున్నాయి. ఓనర్‌షిప్ తక్కువ. మూడు నెలలు పొడిగించి చూడవచ్చు."

ఈ నాలుగు వాక్యాల్లో దేనికీ ఆధారం లేదు. కానీ ఆయన అబద్ధం రాయలేదు. ఆయన మనసులో ఏదో ఉంది, దాన్ని బయటికి తీయాలి. అందుకు మొదట కాలాన్ని లెక్కపెట్టాలి. జూన్ అంతా ఇండక్షన్, ఎస్‌ఓపీలు చదవడం, సంతకాలు పెట్టడం. ల్యాబులో అనలిస్ట్ క్వాలిఫికేషన్ పూర్తయ్యేదాకా ఎవరూ సొంతంగా శాంపిల్ పరీక్షించకూడదు. హెచ్‌పీఎల్‌సీ మీద ఆమె క్వాలిఫికేషన్ జులైలో జరగాల్సింది. పరికరం మరమ్మతులో ఉండటం వల్ల ఆగస్టు చివరికి జరిగింది. అంటే ఆరు నెలల ప్రొబేషన్‌లో ఆమె సొంత పని కనిపించింది సెప్టెంబరు 1 నుంచి మాత్రమే. రివ్యూ రాసే రోజుకు రెండున్నర నెలలు. ఈ సంగతి ఫారంలో ఎక్కడా లేదు. కొత్తవాళ్ల రివ్యూల్లో తరచూ కనబడని లెక్క ఇదే. ల్యాప్‌టాప్ మూడు వారాలు ఆలస్యంగా రావడం, యాక్సెస్ రాకపోవడం, మధ్యలో మేనేజరు మారడం, చేరిన పని ఒకటైతే అప్పగించిన పని మరొకటి కావడం. ఇవన్నీ ఉద్యోగి ఖాతాలో పడిపోతాయి.

రెండో అడుగు, "తప్పులు వస్తున్నాయి" అన్న మాటను రికార్డుల్లో వెతకడం. ఇలాంటి ల్యాబులో అది సులువు. ప్రతి వర్క్‌షీట్‌ను ఇంకొకరు రివ్యూ చేస్తారు, సరిగా లేకపోతే వెనక్కి పంపుతారు, రెండూ నమోదవుతాయి. సెప్టెంబరులో ఆమె చేసినవి 20, వెనక్కి వచ్చినవి 9. అక్టోబరులో 24కు 5. నవంబరు మొదటి పక్షంలో 12కు 1. మొత్తం కలిపి చూస్తే 56కు 15, అంటే నాలుగింట ఒకటి కంటే కాస్త ఎక్కువ. సూపర్‌వైజరు మనసులో ఉన్నది ఈ మొత్తం. సెప్టెంబరులో వరుసగా వెనక్కి పంపిన షీట్ల చిరాకు ఆయనకు ఇంకా గుర్తుంది. నెలవారీగా విడదీస్తే కనిపించేది వేరు. నూటికి నలభై ఐదు నుంచి ఇరవై ఒకటికి, అక్కడి నుంచి ఎనిమిదికి. ఆ ల్యాబులో అనుభవజ్ఞుల షీట్లు కూడా ఇరవైకి ఒకటి వెనక్కి వస్తాయనుకుంటే, ఆమె దాదాపు వాళ్ల దగ్గరికి చేరింది. తప్పుల రకం కూడా చూడాలి. కాలమ్ నంబరు రాయకపోవడం, తూకం ప్రింట్ అంటించకపోవడం, ఇలాంటివే అన్నీ. లెక్కల్లో తప్పు ఒక్కటీ లేదు. ప్రొబేషనర్ విషయంలో సగటు కంటే వరుస ముఖ్యం. నేర్చుకుంటున్న మనిషిని సగటుతో కొలిస్తే, నేర్చుకోక ముందు చేసిన తప్పులకే శిక్ష వేసినట్టవుతుంది.

మూడోది "ఓనర్‌షిప్ తక్కువ". ఈ మాట రాసినవాళ్లను నేను ఒకటే అడుగుతాను: మీకు ఏ రోజు ఇలా అనిపించింది? ఈ కేసులో జవాబు ఒక్క సంఘటన. అక్టోబరులో ఒక రోజు షిఫ్ట్ మారేటప్పుడు, రన్ మధ్యలో ఉన్న శాంపిల్ సంగతి హ్యాండోవర్ రిజిస్టరులో రాయకుండా ఆమె వెళ్లిపోయింది. తర్వాతి షిఫ్ట్ వాళ్లకు రెండు గంటలు వృథా అయ్యాయి. ఆ తర్వాత రిజిస్టరు చూస్తే ఆమె ఎంట్రీలు ప్రతిరోజూ ఉన్నాయి. మరి ఆ మాటకు ఎదురు నిలిచే సంగతి ఏదైనా ఉందా? ఉంది. అదే నెలలో ఒక బ్యాచ్ అస్సే ఫలితం పరిమితి కంటే తక్కువ వచ్చింది. ఆమె మళ్లీ ఇంజెక్ట్ చేయకుండా, అక్కడే ఆపి, సూపర్‌వైజరుకు చెప్పి, నమోదు చేసింది. కొత్తవాళ్లు భయపడి ఇంకోసారి నడిపి చూద్దామనుకునే చోటు అది. ఫలితం బాగా వచ్చేదాకా పరీక్షిస్తూ పోవడం అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీల్లో ల్యాబుల పరువు తీసే పని. బాధ్యత అంటే ఏమిటో చూపించే ఈ ఆధారం ఫారంలో లేదు. రిజిస్టరు సంఘటన మాత్రం ఓనర్‌షిప్ అనే పెద్ద మాటగా మారి కూర్చుంది.

ఇంకా మిగిలింది డిసల్యూషన్ పరీక్ష. ఉద్యోగ వివరణలో అది ఉంది, ఆమె ఇంతవరకూ చేయలేదు. ఆ ఉత్పత్తి బ్యాచ్‌లు ఆమె టేబుల్‌కు రాలేదు. దీని కోసం పొడిగించవచ్చా? నేనైతే ఒప్పుకోను. చూడలేకపోయింది కంపెనీ కాబట్టి, ఆ ఖర్చు ఆమె మీద వేయకూడదు. ఆమె చేసిన పనుల్లో కనిపించిన తీరు చాలు. డిసల్యూషన్ క్వాలిఫికేషన్‌ను జనవరిలోపు పూర్తి చేయాలని మామూలు లక్ష్యాల్లో పెట్టాలి. నిర్ణయం: కన్ఫర్మేషన్. రివ్యూలో రాయాల్సింది ఇంతే:

"సొంత పని సెప్టెంబరు 1న మొదలైంది (పరికరం అందుబాటులో లేక క్వాలిఫికేషన్ ఆలస్యమైంది). వెనక్కి వచ్చిన వర్క్‌షీట్లు సెప్టెంబరులో 20కి 9, అక్టోబరులో 24కి 5, నవంబరు 15 నాటికి 12కి 1. అక్టోబరులో పరిమితికి బయట వచ్చిన ఫలితాన్ని ఎస్‌ఓపీ ప్రకారం వెంటనే తెలిపారు. హ్యాండోవర్‌లో ఒక లోపం జరిగింది, తర్వాత పునరావృతం కాలేదు. డిసెంబరు 1 నుంచి కన్ఫర్మ్ చేయాలని సిఫార్సు. డిసల్యూషన్ క్వాలిఫికేషన్ జనవరి 31లోపు పూర్తి చేయాలి."

ఇప్పుడు ఒకే ఒక్క సంగతి మార్చి చూద్దాం. వెనక్కి వచ్చిన షీట్లు సెప్టెంబరులో 20కి 9, అక్టోబరులో 24కి 10, నవంబరులో 12కి 5 అనుకోండి. తప్పుల రకం అదే. సెప్టెంబరు చివర ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి రాతపూర్వకంగా చెప్పారు. మిగతావన్నీ బాగున్నాయి. పరీక్ష నైపుణ్యం ఉంది, నిజాయితీ ఉంది, రికార్డు రాసే అలవాటు మాత్రం రావడం లేదు. ఇక్కడ కన్ఫర్మ్ చేయడానికి ఆధారం లేదు. తీసేయడానికీ తొందరే, ఎందుకంటే ఇంతవరకూ చెప్పడమే జరిగింది, పక్కన కూర్చుని నేర్పలేదు. జవాబు తెలియని ప్రశ్న ఒకటి నిజంగా ఉంది: దగ్గరుండి నేర్పితే ఈ అలవాటు వస్తుందా? పొడిగింపు ఉన్నది సరిగ్గా ఇలాంటి ప్రశ్న కోసమే. రాయాల్సింది ఇలా ఉండాలి:

"పరీక్షలు చేయడంలో, ఫలితాలు తెలపడంలో పని సంతృప్తికరం. వర్క్‌షీట్ల నమోదులో లోపాలు మూడు నెలలుగా తగ్గలేదు (20కి 9, 24కి 10, 12కి 5). ఈ విషయం సెప్టెంబరు 29న, అక్టోబరు 30న తెలిపాం. ప్రొబేషన్ డిసెంబరు 1 నుంచి జనవరి 31 దాకా పొడిగిస్తున్నాం. ఈ కాలంలో సీనియర్ అనలిస్టు ఒకరు ప్రతి శుక్రవారం అరగంట ఆమెతో కూర్చుని వెనక్కి వచ్చిన షీట్లు చూస్తారు. షీటు ఇచ్చే ముందు చెక్‌లిస్టు నింపాలి. జనవరిలో వెనక్కి వచ్చే షీట్లు పదికి ఒకటి మించకపోతే కన్ఫర్మ్ చేస్తాం. నిర్ణయం జనవరి 24న తెలుపుతాం."

ఈ పేరాలో సగం కంపెనీ చేయాల్సిన పనే ఉందని గమనించండి. చాలా పొడిగింపు లేఖల్లో ఉద్యోగి ఏం చేయాలో ఉంటుంది, ఎవరు నేర్పుతారో ఉండదు. ఆ శుక్రవారాల్లో సగం జరగకపోతే, జనవరిలో వచ్చే అంకెకు అర్థం లేదు. లక్ష్యం జనవరికే పెట్టడం కూడా కావాలనే. డిసెంబరు నేర్చుకునే నెల. రెండు నెలల సగటు అడిగితే మళ్లీ మొదటికొస్తాం.

పొడిగింపు ఎంతకాలం ఉండాలన్నది కూడా పనిని బట్టే తేలాలి. అడిగిన ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఆ పని ఎన్నిసార్లు తిరిగి రావాలో చూడాలి. ల్యాబులో రెండు నెలలకు నలభై షీట్లు వస్తాయి కాబట్టి రెండు నెలలు చాలు. అకౌంట్స్‌లో నెలాఖరు క్లోజింగ్ నెలకొకసారే వస్తుంది, మూడుసార్లు చూడాలంటే మూడు నెలలు కావాలి. స్కూల్లో కొత్త టీచరు పేపర్లు దిద్దే తీరు చూడాలంటే మధ్యలో ఒక పరీక్ష పడాలి. రెండోసారి పొడిగింపు మాత్రం వద్దు. మొదటిసారి అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదంటే ప్రశ్న తప్పుగా అడిగామనో, జవాబు వచ్చినా ఒప్పుకోలేకపోతున్నామనో అర్థం.

పొడిగింపు కాని పొడిగింపులు

కొన్ని పొడిగింపులకు ఉద్యోగి పనితో సంబంధమే ఉండదు. హెడ్ ఆఫీసు నుంచి పోస్టుకు అనుమతి రాలేదు. ఇంక్రిమెంట్ల బడ్జెట్ అయిపోయింది. పాత మేనేజరు వెళ్లిపోయాడు, కొత్తాయన "నేను ఇంకా చూడలేదు" అంటాడు. ఇవన్నీ కంపెనీ సొంత ఇబ్బందులు. వీటిని పనితీరు భాషలో రాస్తే అది తప్పుడు రికార్డు అవుతుంది. కొత్త మేనేజరు చూడలేదంటే పాతాయన రాసిన నోట్లు తెప్పించుకోవాలి. అవి లేకపోతే పక్క టీమ్ వాళ్లను అడగాలి.

సుదీర్ఘ సెలవు వేరే సంగతి. అనారోగ్యంతో రెండు నెలలు రాని మనిషిని చూడలేకపోయామన్నది నిజమే. లెటర్‌లో హక్కు ఉంటే అన్ని రోజులే పొడిగించి, కారణం హాజరు అని మాత్రమే రాయాలి, పనితీరు గురించి ఒక్క మాట కలపకూడదు. ప్రసూతి సెలవు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చట్టం ఆ సెలవులో ఉన్న మహిళ ఉద్యోగ షరతులను ఆమెకు నష్టం కలిగేలా మార్చడాన్ని నిషేధించింది. అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు, ప్రొబేషన్‌లో ఉన్నా ఆ ప్రయోజనం వర్తిస్తుంది. ఆ సెలవును లోటుగా చూపే వాక్యం రివ్యూలో ఎక్కడా రాకూడదు.

ఇంకొకటి, దుష్ప్రవర్తన అనుమానాన్ని పొడిగింపులో దాచడం. లెక్కల్లో తేడా వచ్చింది, రుజువు లేదు, "నిజాయితీ పరిశీలించాల్సి ఉంది" అని రాసి మూడు నెలలు పెంచుతారు. ఈ దారిలో ఎంత దూరం వెళ్తామో హైదరాబాద్ కేసు ఒకటి చెబుతుంది. నేషనల్ పోలీస్ అకాడమీలో 1981లో శిక్షణార్థులు ఉదయపు వ్యాయామానికి ఆలస్యంగా వచ్చారు. దానికి ప్రేరేపించాడన్న అభిప్రాయంతో అనూప్ జైస్వాల్ అనే ప్రొబేషనర్‌ను, కారణం చెప్పని మామూలు ఉత్తర్వుతో డిశ్చార్జ్ చేశారు. 1984లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు పైపూత తీసి చూసి, అసలు పునాది దుష్ప్రవర్తన ఆరోపణేనని, విచారణ జరపకుండా అలా చేయకూడదని కొట్టేసింది. 1999లో కలకత్తా బోస్ సెంటర్ కేసులో ఇంకో అడుగు వేసింది. ఉత్తర్వులో మచ్చ లేకపోయినా, అది ప్రస్తావించిన పాత లేఖల్లో ఉంటే మచ్చ పడినట్టేనంది. ఈ తీర్పులు ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల గురించి. ప్రైవేటు కంపెనీకి యథాతథంగా వర్తించవు. కానీ ప్రైవేటు కొలువులో కూడా పొడిగింపు లేఖ ఫైల్లో మిగిలిపోయే కాగితమే. అనుమానం ఉంటే విచారణ జరపండి. లేకపోతే ఆ మాట రాయకండి.

చివరిగా, చెప్పే రోజు గురించి. రివ్యూ ఎంత బాగా రాసినా, ఎదురుగా కూర్చున్న అమ్మాయి "మేడం, ఈ మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు కదా" అంటే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. సుమతి షేరే అనే వైద్యురాలి కేసులో 1989లో సుప్రీంకోర్టు అన్నది సారాంశంలో ఇదే: లోపాన్ని సకాలంలో తెలిపితే మనిషి సరిదిద్దుకోవచ్చు, ఏమీ తెలపకుండా ఒక రోజు పనికిరావని పంపేయడం ఏకపక్షమవుతుంది. అందుకే పొడిగింపుకు సంబంధించిన అసలు రాత పని ఆరో నెలలో మొదలు కాదు. రెండో నెల చివర ఒక పేజీ, నాలుగో నెల చివర ఒక పేజీ, తేదీలతో, ఇద్దరి సంతకాలతో. ఐదో నెల ముగిసేలోపు నిర్ణయం హెచ్‌ఆర్ చేతికి చేరాలి. పొడిగించేట్టయితే గడువు తేదీకి కనీసం రెండు వారాల ముందు ఉద్యోగికి ముఖాముఖి చెప్పి, తర్వాత లేఖ ఇవ్వాలి. లేఖ ముందు వచ్చి, మాట తర్వాత వచ్చిన చోట నమ్మకం మళ్లీ కుదరడం నేను చాలా అరుదుగా చూశాను.

ఈ నెల మీ టేబుల్ మీద అలాంటి ఫారం ఉంటే, రెండో గడిలో టిక్కు పెట్టే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, పొడిగించాక మీకు ఏం తెలుస్తుందో, దాన్ని ఏ అంకెతో ఏ తేదీన తేలుస్తారో, మధ్యలో ఎవరు నేర్పుతారో రాయండి. కాగితం ఖాళీగా మిగిలితే కన్ఫర్మ్ చేయండి.